పుట్టింటికి పురిటికి వచ్చిన కేసు: విజిట్ల పుస్తకాన్ని ఒక్క పేజీ సమ్మరీగా మార్చడం

ప్రశ్న: "నేను స్టాఫ్ నర్సుని. పాలకొల్లు వైపు ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ఈ మధ్యే చేరాను. ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వచ్చే వాళ్ళు తల్లీబిడ్డ కార్డు, ప్రైవేటు ఫైలు, ఫోన్‌లో ఫొటోలు అన్నీ తెస్తారు. మేడమ్ గారు వాటిని ట్రైమిస్టర్ వారీగా ఒక్క పేజీలో రాసిమ్మన్నారు. స్కాన్లు, రక్తపరీక్షలు, రిస్క్ గుర్తులు ఏ వరసలో పెట్టాలి? నేను విజిట్ తేదీల ప్రకారం కాపీ చేస్తే 'ఇది సమ్మరీ కాదు, జిరాక్స్' అన్నారు. సీనియర్లు ఎవరైనా చెప్పండి."

మీ మేడమ్ గారు అన్నది నిజమే. నన్ను కూడా ఒకప్పుడు ఇలాగే అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పేజీలో మొదట రాయాల్సింది విజిట్ కాదు, ఒకే ఒక్క కాన్పు తేదీ. ఆ తేదీ ఖాయం చేసుకున్నాక ప్రతి స్కానుకీ ప్రతి రక్తపరీక్షకీ అప్పటికి ఎన్ని వారాలో లెక్కగట్టండి. ఆ వారాన్ని బట్టే అది ఏ ట్రైమిస్టర్‌లో పడుతుందో తేలుతుంది. 13 వారాల 6 రోజుల వరకు మొదటిది, 14 నుంచి 27 వారాల 6 రోజుల వరకు రెండోది, 28 నిండిన దగ్గర్నుంచి మూడోది. రిస్క్ గుర్తులు ఆ తేదీ కిందే, ట్రైమిస్టర్లన్నిటికంటే పైన ఉండాలి, ఒక్కో గుర్తు పక్కన దాని రుజువు ఉండాలి. ఖాళీ గడి మాత్రం ఎక్కడా వదలకూడదు. పని ఇంతే. తేదీ తప్పితే కింద రాసినదంతా తప్పుతుంది కాబట్టి ఎక్కువ సేపు దాని గురించే చెబుతాను.

నేను లేబర్ రూమ్‌లో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే వాళ్ళలో సగం మంది చించినాడ వంతెన దాటి కోనసీమ నుంచి పుట్టింటికి వచ్చిన వాళ్ళే. ఈ మధ్య వచ్చిన ఒక కేసు పెట్టుకుని చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

అమ్మాయికి 22 ఏళ్ళు, తొలి కాన్పు. అత్తవారిది రాజోలు అవతల ఒక లంక గ్రామం. భర్త కువైట్‌లో ఉంటాడు, కాగితాలు సగం ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. సెప్టెంబర్ 15న వాళ్ళమ్మ తీసుకొచ్చింది. సంచిలో తల్లీబిడ్డ కార్డు, రెండు వేర్వేరు క్లినిక్‌ల ఫైళ్ళు, మూడు స్కాన్ రిపోర్టులు, మడతపెట్టి మడతపెట్టి చిరుగుపట్టిన లాబ్ కాగితాలు ఉన్నాయి. వాటిలో కాన్పు తేదీ ఎంతని చూస్తే నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది.

ఎందుకలా అంటే, స్కాన్ మెషీన్ ప్రతిసారీ ఆ రోజు బిడ్డ కొలతల్ని బట్టి ఒక కొత్త కాన్పు తేదీ వేస్తుంది. అది ఆ రోజు కొలతల అంచనా మాత్రమే. నెలలు పెరిగే కొద్దీ బిడ్డలు ఒకరు పెద్దగా ఒకరు చిన్నగా పెరుగుతారు కాబట్టి ఆ అంచనాలో తేడా కూడా పెరుగుతుంది. మొదటి ట్రైమిస్టర్‌లో మాత్రం బిడ్డలందరూ దాదాపు ఒకే లెక్కన పెరుగుతారు. అందుకే అన్నిటికంటే ముందు చేసిన స్కాన్‌నే నమ్మాలి. కొత్తగా చేరిన వాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, చివరి స్కాన్ 'లేటెస్ట్' కదా అని అందులో తేదీ ఎత్తి రాయడం. ఆ పని చేయకండి.

ఆ అమ్మాయి చివరి నెలసరి కార్డులో జనవరి 10 అని ఉంది. "భోగికి మూడు రోజుల ముందు" అని వాళ్ళత్తగారు చెప్పిందట. ఆ లెక్కన 280 రోజులు కలిపితే కాన్పు అక్టోబర్ 17. ఏప్రిల్ 12న ఎన్‌టీ స్కాన్ చేశారు. నెలసరి లెక్కన ఆ రోజుకి 13 వారాల 1 రోజు కావాలి. కానీ బిడ్డ పొడవు, అంటే సీఆర్‌ఎల్, 50 మిల్లీమీటర్లే. ఆ పొడవు 11 వారాల 5 రోజులకి ఉంటుంది. తేడా పది రోజులు.

మేము పాటించే పద్ధతి ఇది. 9 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు చేసిన స్కాన్‌కీ నెలసరి లెక్కకీ తేడా ఏడు రోజులు దాటితే స్కాన్ తేదీ తీసుకుంటాం. ఏడు లోపు ఉంటే నెలసరి లెక్కనే ఉంచుతాం. ఇక్కడ పది వచ్చింది కాబట్టి కాన్పు తేదీ అక్టోబర్ 27కి జరిగింది. దాన్నుంచి 280 రోజులు వెనక్కి వెళ్తే జనవరి 20. అదే మన లెక్కకి సున్నా రోజు.

తేడా ఎందుకొచ్చిందో కూడా ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది. "నీకు నెల నెలా సరిగ్గా వచ్చేదా అమ్మా?" అని అడిగితే "లేదండీ, ఒక్కోసారి నలభై రోజులు పట్టేది" అంది. నెలసరి ఆలస్యమయ్యే వాళ్ళకి అండం కూడా ఆలస్యంగానే విడుదలవుతుంది. అత్తగారు చెప్పిన భోగి లెక్క సరైనదే, ఆ అమ్మాయికి అది వర్తించదు, అంతే. ఈ ప్రశ్నా జవాబూ పేజీలో తేదీ పక్కనే ఒక ముక్కలో రాయండి. రేపు ఎవరైనా "నెలసరి లెక్క ఎందుకు తీసుకోలేదు" అని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది. ఏ తేదీ తీసుకోవాలో చివరి మాట మాత్రం డాక్టర్ గారిదే. మీరు రెండు లెక్కలూ రాసి చూపించి సంతకం పెట్టించుకోండి. ఒకసారి సంతకం అయ్యాక తర్వాత ఏ స్కాన్ ఏ తేదీ చెప్పినా మార్చవద్దు.

తర్వాత లెక్కలన్నీ చేత్తో చేయక్కర్లేదు. మా దగ్గర ఎక్సెల్ షీట్‌లో B1 గడిలో సున్నా రోజు పెట్టి, A5 గడి నుంచి కిందకి పరీక్ష తేదీలు వేస్తాం. పక్క గడిలో ఈ ఫార్ములా పెడితే వారాలు, రోజులు వచ్చేస్తాయి:

```
=INT((A5-$B$1)/7)&"+"&MOD(A5-$B$1,7)
```

11+5 అని వస్తే 11 వారాల 5 రోజులు అన్నమాట. ఫోన్‌లో ఉండే ప్రెగ్నెన్సీ కాలిక్యులేటర్లు కూడా ఫర్వాలేదు గానీ అవి నెలసరి తేదీ అడుగుతాయి. అక్కడ మీరు జనవరి 10 కాకుండా జనవరి 20 ఇవ్వాలి. ఈ సంగతి మర్చిపోతే పడ్డ శ్రమంతా వృథా.

ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది. స్కాన్ మెషీన్లలో కొన్ని తేదీని నెల ముందు, రోజు తర్వాత వేస్తాయి. ఈ అమ్మాయి టిఫా స్కాన్ బొమ్మ మీద 06/05 అని ఉంది. మాలో ఒక అమ్మాయి దాన్ని మే 6 అని రాసేసింది. మే 6 అయితే అప్పటికి 15+1 అవుతుంది. పదిహేను వారాలకి టిఫా ఎవరూ చేయరు, అది 18 నుంచి 20 వారాల మధ్య చేసేది. అనుమానం వచ్చి టైపు చేసిన రిపోర్టు తీసి చూస్తే జూన్ 5 అని ఉంది, 19+3. వారం లెక్కగట్టడంలో ఉన్న లాభం ఇది. తేదీ తప్పుగా ఎక్కినా వారం చూస్తే పట్టుబడుతుంది.

"ఏడో నెల పడింది, శ్రీమంతం అయింది" లాంటి మాటలు పేజీలోకి రానివ్వకండి. ఇళ్ళలో నెలలు లెక్కపెట్టే తీరు వేరు, మన వారాల లెక్క వేరు.

ఇక కాగితాలన్నీ వారాల వరసలో పెట్టాక ఆ అమ్మాయి పేజీ ఎలా వచ్చిందో యథాతథంగా ఇస్తున్నాను. పేరు, వివరాలు తీసేశాను.

తేదీ: కాన్పు అక్టోబర్ 27 (ఏప్రిల్ 12 స్కాన్, సీఆర్‌ఎల్ 50 మి.మీ.). నెలసరి లెక్కన అక్టోబర్ 17, తేడా 10 రోజులు, నెలసరి 40 రోజులకి. తొలి కాన్పు. బి పాజిటివ్ (లాబ్ కాగితం చూశాను).

తెరిచి ఉన్న గుర్తులు:
1. బీపీ ఎక్కుతోంది: 27+0లో 118/78, 32+1లో 128/84, 34+0లో 134/88. బరువు 13 రోజుల్లో 2.5 కిలోలు పెరిగింది, కాళ్ళ వాపు ఉంది. 140/90 దాటలేదు.
2. రక్తహీనత: 24+3లో 8.9, 32+1లో 9.7. మాత్రలు వాడుతూ 54 రోజుల్లో 0.8 పెరిగింది.
3. గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష చేయలేదు.
4. బిడ్డ బరువు 32+1లో 1700 గ్రాములు, తక్కువ వైపు. మళ్ళీ స్కాన్ కావాలి.

మూసిన గుర్తు: మాయ కిందకి ఉండటం. 19+3లో గర్భాశయ ద్వారానికి 14 మి.మీ., 32+1లో 32 మి.మీ. మూశాం.

మొదటి ట్రైమిస్టర్: 6+5లో నమోదు, హిమోగ్లోబిన్ 10.8, బరువు 49 కిలోలు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు అయ్యాయి. 11+5లో ఎన్‌టీ 1.2 మి.మీ.

రెండో ట్రైమిస్టర్: 15+4లో బీపీ 104/66, టీడీ మొదటి డోసు. 19+3లో టిఫా, మాయ తప్ప మిగతా మామూలే. 20+0లో బీపీ 110/70, టీడీ రెండో డోసు, నులిపురుగుల మాత్ర. 24+3లో బీపీ 114/74, హిమోగ్లోబిన్ 8.9, మామూలు షుగర్ 118. 27+0లో బీపీ 118/78, బరువు 56.

మూడో ట్రైమిస్టర్: 28 నుంచి 32 వారాల మధ్య విజిట్ లేదు (ఏరు పొంగి పడవ ఆపేశారు). 32+1లో గ్రోత్ స్కాన్, బీపీ 128/84, హిమోగ్లోబిన్ 9.7, బరువు 61, మూత్రంలో ఆల్బుమిన్ లేదు. 34+0లో బీపీ 134/88, బరువు 63.5.

ఇంతే. ముందూ వెనకా కలిపి ఒక్క కాగితం. ఇందులో ఏది ఎందుకు అలా రాశామో చెబుతాను, ఎందుకంటే మీకు రేపు వచ్చే కేసు ఇలా ఉండదు.

బీపీ సంగతి. కార్డు తిరగేస్తే ప్రతి విజిట్‌లోనూ "బీపీ నార్మల్" అనే ఉంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే నిజమే, ఏదీ 140/90 దాటలేదు. నాలుగు వేర్వేరు పుస్తకాల్లోంచి తీసి ఒకే వరసలో పెడితే గానీ 104 నుంచి 134కి మెట్లెక్కినట్టు ఎక్కుతోందని కనపడలేదు. ట్రైమిస్టర్ వారీగా రాయడంలో అసలు ప్రయోజనం ఇదే. అయితే జాగ్రత్త, మీరు 'ప్రీఎక్లాంప్సియా' అని రాయకూడదు. అది రోగ నిర్ధారణ, డాక్టర్ గారి పని. పైగా దానికి 140/90 కనీసం నాలుగు గంటల తేడాలో రెండుసార్లు రావాలి, దానితో పాటు మూత్రంలో ప్రొటీన్ గానీ వేరే ఇబ్బంది గానీ కనపడాలి. మీరు అంకెలు, వారాలు, "140/90 దాటలేదు" అన్న ముక్క రాస్తే చాలు. చూసే వాళ్ళకి అర్థమవుతుంది.

గుర్తు అంటే ఏమిటి. చాలా పుస్తకాల మీద ఎర్ర స్టిక్కర్ ఉంటుంది. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గవర్నమెంటు ఆసుపత్రుల్లో జరిగే క్లినిక్‌లో హై రిస్క్ వాళ్ళకి అతికిస్తారు. అది మంచిదే. కానీ ఆ స్టిక్కర్ ఎందుకు వేశారో లోపల రాసి ఉండదు. మన పేజీలో "హై రిస్క్" అన్న రెండు మాటలతో ఎవరికీ ఉపయోగం లేదు. గుర్తు రాస్తే ఏ అంకె, ఏ వారంలో, తర్వాత ఏం చేయాలి అన్న మూడూ ఉండాలి. మాయ సంగతి చూడండి. ఇరవై వారాల దగ్గర మాయ కిందకి ఉండటం చాలామందికి ఉంటుంది, గర్భాశయం పెరిగే కొద్దీ ఎక్కువ మందికి పైకి జరుగుతుంది. అందుకే 32 వారాలకి మళ్ళీ చూస్తారు. ఆ రెండో స్కాన్ ఫలితం రాయకపోతే టిఫా రిపోర్టు చూసిన వాళ్ళంతా చివరి దాకా కంగారు పడుతూనే ఉంటారు. అందుకే మూసిన గుర్తుని తీసేయకండి. ఎప్పుడు మూశారో రాసి కిందకి దించండి.

షుగర్ పరీక్ష. ఈ పేజీ చేస్తున్నప్పుడు నేను దాదాపు మోసపోయింది ఇక్కడే. క్లినిక్ ఫైల్లో "షుగర్ 118, నార్మల్" అని టిక్కు పెట్టి ఉంది. అది ఎప్పుడో ఒకప్పుడు రక్తం తీసి చూసిన మామూలు షుగర్. గర్భిణికి చేయాల్సింది 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసేది, 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. మొదట నమోదైనప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలి. ఈ అమ్మాయికి రెండూ చేయలేదు. అయినా కాగితం చూస్తే అయిపోయినట్టే ఉంది. గ్లూకోజ్ తాగించారా లేదా అని రోగినే అడగండి. "తియ్యటి నీళ్ళు తాగి రెండు గంటలు కూర్చున్నావా?" అంటే ఎవరికైనా గుర్తుంటుంది. ఆ అమ్మాయి "లేదండీ, వేలి మీద గుచ్చి చూశారు" అంది. 28 దాటినా మొదటిసారి మన దగ్గరికి వచ్చినప్పుడు చేయించవచ్చు. చేయిస్తే 131 వచ్చింది. ఆ గుర్తు అక్కడితో మూశాం.

ఖాళీ గడులు. మూడు మాటలే వాడండి: "చేయలేదు", "చేశారు, రిపోర్టు లేదు", "తెలియదు". ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. చేయలేదంటే చేయించాలి. రిపోర్టు లేదంటే ఆ లాబ్‌కి ఫోన్ చేయాలి. గీత గీసి వదిలేస్తే చదివే వాళ్ళు "నార్మల్ కాబోలు" అనుకుంటారు.

హిమోగ్లోబిన్ పక్కన ఎక్కడ చూశారో కూడా వీలైతే రాయండి. ఊళ్ళో వేలి మీద గుచ్చి చూసే మీటర్‌కీ లాబ్ మెషీన్‌కీ కొంచెం తేడా వస్తుంది. ఈ అమ్మాయివి 8.9, 9.7 రెండూ లాబ్‌లోవే కాబట్టి పోల్చవచ్చు. 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే తక్కువైతే తీవ్రం. మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెలకి ఒక గ్రాము అయినా పెరగాలి. 54 రోజుల్లో 0.8 అంటే మాత్రలు లోపలికి వెళ్ళట్లేదనో, ఒంటికి పట్టట్లేదనో అర్థం. అడిగితే టీతో వేసుకుంటున్నానంది, వరద రోజుల్లో అసలు అయిపోయాయంది. అది కూడా ఒక ముక్క రాశాను. మా మేడమ్ గారు అది చూసి ఐరన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు.

ఇప్పుడు బిడ్డ బరువు దగ్గరికి వద్దాం. ఎందుకంటే తేదీ సంగతి ఎంత దూరం వెళ్తుందో ఇక్కడే తెలుస్తుంది. సెప్టెంబర్ 2 గ్రోత్ స్కాన్ రిపోర్టు కింద "33 వారాల 4 రోజులు, ఎదుగుదల తక్కువ" అని ఉంది. స్కాన్ సెంటర్ వాళ్ళు కార్డు మీద ఉన్న జనవరి 10నే టైపు చేసుకున్నారు. ఆ వయసుకి 1700 గ్రాములు పదో పర్సెంటైల్ కంటే కిందకి పోతుంది. మన తేదీ ప్రకారం ఆ రోజుకి 32 వారాల 1 రోజే. అప్పుడు అదే 1700 పదో పర్సెంటైల్ పైనే ఉంటుంది. బిడ్డ చిన్నదే గానీ ఎదుగుదల ఆగిన బిడ్డ కాదు. రక్తప్రసరణ చూసే డాప్లర్ కూడా బాగానే ఉంది. కుటుంబం అంతా అప్పటికే ఏడుపు మొహాలతో వచ్చారు. "బిడ్డ ఎదగట్లేదంట" అని కువైట్ దాకా వెళ్ళిపోయింది మాట. అయినా ఆ గుర్తు మూసేయలేదు. ఒక పక్క బీపీ ఎక్కుతోంది, బీపీ ఎక్కితే బిడ్డ ఎదుగుదల మీద పడుతుంది కాబట్టి రెండూ కలిపి చూడాలని తెరిచే ఉంచాం.

సెప్టెంబర్ 22న, అంటే 35+0లో, బీపీ 142/94 వచ్చింది. నాలుగు గంటలు ఉంచి మళ్ళీ చూస్తే 144/92. మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్. అప్పుడు మేడమ్ గారు ప్రీఎక్లాంప్సియా అని రాసి అడ్మిట్ చేసుకున్నారు. తీవ్ర లక్షణాలు లేవు, తలనొప్పి లేదు, చూపు మసకబారలేదు, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు బాగున్నాయి. అలాంటప్పుడు 37 వారాలు నిండే వరకు రోజూ చూసుకుంటూ ఆగుతారు. కార్డు మీద ఉన్న నెలసరి లెక్కన అయితే సెప్టెంబర్ 26కే 37 నిండిపోయేవి. నిజానికి ఆ రోజుకి 35+4 మాత్రమే. పది రోజుల ముందు నొప్పులు తెప్పించి ఉంటే బిడ్డ ఊపిరితిత్తులకి ఇబ్బంది అయ్యేదేమో. అక్టోబర్ 6న, 37+0లో నొప్పులకి మందు పెట్టారు. మామూలు కాన్పే అయింది. పాప 2.4 కిలోలు, వెంటనే ఏడ్చింది.

నా సొంత తప్పు ఒకటి కూడా చెప్పాలి. చేరిన మొదటి ఏడాది ఒక కేసులో కార్డు మొదటి పేజీలో ఉన్న రక్తం గ్రూపు ఎత్తి రాశాను, పాజిటివ్ అని. వెనకాల పిన్ను కొట్టిన లాబ్ కాగితంలో నెగెటివ్ ఉంది. నేను తిరగేయలేదు. నెగెటివ్ వాళ్ళకి 28 వారాల దగ్గర యాంటీ డి ఇంజక్షన్ ఇస్తారు. ముందు ఐసీటీ పరీక్ష చేసి, అది నెగెటివ్ అయితేనే ఇస్తారు. 31వ వారంలో ఇంకెవరో చూసి పట్టుకున్నారు. పరీక్ష నెగెటివ్ వచ్చింది, ఆలస్యంగానైనా ఇంజక్షన్ పడింది. ఆ రోజు నుంచి రక్తం గ్రూపు పక్కన "లాబ్ కాగితం చూశాను" అని రాయకుండా పేజీ ముట్టుకోను. పైన పేజీలో ఆ మాట ఉన్నది అందుకే. అక్క గ్రూపు, అమ్మ గ్రూపు అని ఇంట్లో వాళ్ళు చెప్పేది అసలే రాయవద్దు.

పేజీలో రాయకూడనివి కూడా రెండున్నాయి. హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ ఫలితం పాజిటివ్ వస్తే ఈ పేజీలో పెట్టకండి. పరీక్ష అయిందని మాత్రం రాసి, ఫలితం డాక్టర్ గారి దగ్గర విడిగా ఉంచండి. ఈ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంటిల్లిపాదికీ, గల్ఫ్‌లో ఉన్న వాళ్ళకీ పోతుంది, ఎవరు ఆపగలరు? అందరికీ ఒకేలా "పరీక్షలు అయ్యాయి" అని రాస్తే ఎవరి మీదా అనుమానం రాదు. రెండోది, స్కాన్ సంగతులు రాసేటప్పుడు ఆడా మగా అన్న సూచన ఏ రూపంలోనూ రాకూడదు. అది చట్టం.

మొదటి ట్రైమిస్టర్ స్కాన్ లేని కేసులు వస్తాయి. లంకల నుంచి, చేపల చెరువుల మీద పనికి వలస వచ్చిన వాళ్ళ నుంచి ఎక్కువగా. మొదటి స్కాన్ ముప్పయ్యో వారంలో అయితే ఆ తేదీలో రెండు మూడు వారాల తేడా ఉండవచ్చు. అప్పుడు నెలసరి తేదీ బాగా గుర్తుందా, నెల నెలా సరిగ్గా వచ్చేదా అని అడిగి, జవాబుని బట్టి డాక్టర్ గారు తేదీ నిర్ణయిస్తారు. తేదీ పక్కన పెద్దక్షరాలతో "తేదీ ఖచ్చితం కాదు" అని రాయండి. ఆ కేసులో వారాలు 11+5 అని కాకుండా "సుమారు 34" అని రాయండి. రోజులతో సహా రాస్తే లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనపడుతుంది. బిడ్డ ఎదుగుదల కూడా ఒక్క స్కాన్‌తో తేలదు. రెండు మూడు వారాల తేడాతో రెండోది చేసి, మధ్యలో ఎంత పెరిగిందో చూడాలి.

మొదట్లో ఒక్కో పేజీకి నాకు గంట పట్టేది. ఇప్పుడు ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు మొదటి స్కాన్ వెతకడానికే పోతాయి. సంచిలో లేకపోతే భర్త ఫోన్‌లో ఏప్రిల్, మే ఫొటోలు వెతకమని చెప్పండి, ఎక్కువ సార్లు అక్కడే దొరుకుతుంది.